బాక్స్ టర్ఫ్ కీపర్ పెద్ద గోల్‌కి వచ్చినప్పుడు

హైదరాబాద్‌లో ఇప్పుడు పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు చాలామంది ఫుట్‌బాల్ మొదలుపెట్టేది బాక్స్ టర్ఫ్‌లోనే. చుట్టూ వల, చాలాచోట్ల పైన కూడా వల. గోల్ ఫుట్‌సాల్ కొలతకి దగ్గరగా ఉంటుంది, అంటే 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. బాల్ ఎత్తుకి లేస్తే పై వలకి తగిలి ఆట ఆగిపోతుంది. అదే పిల్లాడు స్కూల్ టీమ్‌లోకి వచ్చి పెద్ద గ్రౌండ్‌లో నిలబడితే వెనకాల ఉండేది 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తున్న గోల్. కాపాడాల్సిన జాగా దాదాపు మూడింతలు. పైన వల లేదు, ఆకాశమే.

పోయిన సీజన్‌లో ఇలా టర్ఫ్ నుంచి వచ్చిన నలుగురు కీపర్లని సికింద్రాబాద్ వైపు ఒక మట్టి గ్రౌండ్‌లో ఎనిమిది వారాలు తయారు చేశాం. అందరూ 11 నుంచి 13 ఏళ్ల లోపువాళ్లు. వారానికి రెండు సాయంత్రాలు, మామూలు ప్రాక్టీస్‌కి ముందు 40 నిమిషాలు. వదిలేస్తున్నది పైనుంచి వచ్చే బాల్‌నే కాబట్టి మొదటి రెండు వారాలూ మేం దాన్నే పట్టించాం. అది తప్పు ఎత్తుగడ. చేతులు బాగానే ఉన్నాయి. విసిరితే పట్టేస్తున్నారు. గ్రౌండ్‌లో కార్నర్ వస్తే మాత్రం వదిలేస్తున్నారు. ఫోన్‌లో తీసిన వీడియోని నెమ్మదిగా తిప్పి చూస్తే, బాల్ చేతుల దాకా రాకముందే కాళ్లు తప్పు చోట ఉన్నాయి. దాంతో చేతుల్ని పక్కన పెట్టి, నిలబడటం దగ్గర మళ్లీ మొదలుపెట్టాం.

టర్ఫ్ కీపర్‌ని నిలబడే తీరు చూసి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. కాళ్లు బార్లా చాపి, నడుం బాగా వంచి, చేతులు మోకాళ్ల దగ్గర వేలాడేసి ఉంటాడు. అక్కడ అది సరైనదే. ఆరేడు మీటర్ల నుంచి నేల మీదుగా బాల్ దూసుకొస్తుంది, శరీరాన్ని ఎంత పరిస్తే అంత లాభం. పెద్ద గోల్‌లో అదే భంగిమ కాళ్లకి సంకెళ్లు వేస్తుంది. పాదాలు భుజాల కన్నా బాగా ఎడంగా ఉన్నప్పుడు పక్కకి అడుగు వేయాలంటే ముందు ఒక కాలిని లోపలికి లాక్కోవాలి, ఆ తర్వాతే తోసుకోగలడు. ఆ లాక్కునే లోపే బాల్ దాటిపోతుంది. పైకి ఎగరడం ఇంకా కష్టం. తొడల్లో ఉన్న బలమంతా పక్కలకి పోతుంది కాని కిందికి నొక్కదు.

మేం నేర్పిన భంగిమ ఇది. పాదాలు భుజాలంత ఎడం, మహా అయితే ఇంకో జానెడు. మోకాళ్లు కొద్దిగా వంగి, బరువు పాదం ముందు భాగం మీద. మడమలు పూర్తిగా లేపి మునివేళ్ల మీద నిలబడక్కర్లేదు, మడమ కింద పల్చటి అట్టముక్క దూరేంత చాలు. మేం నిజంగానే అట్టముక్క పెట్టి లాగి చూశాం. సులువుగా జారి వస్తే సరే, మడమ కింద ఇరుక్కుంటే బరువు వెనక్కి పోయినట్టు. ఛాతీ మునివేళ్ల మీదికి వంగి ఉండాలి. చేతులు నడుం ఎత్తులో, మోచేతులు ఒంటికి కాస్త ముందుగా, అరచేతులు బాల్ వైపు. టర్ఫ్ పిల్లల చేతులు మోకాళ్ల దగ్గరికి జారిపోతుంటాయి. అక్కడినుంచి తల మీదికి లేపడానికి పట్టే సమయం, నడుం దగ్గరినుంచి పట్టే సమయం ఒకటి కావు.

భంగిమ కన్నా ముఖ్యమైనది అందులోకి ఎప్పుడు వస్తారన్నది. ఎదుటివాడి కాలు బాల్‌కి తగిలే క్షణంలో కీపర్ రెండు పాదాలూ నేల మీద ఉండాలి, శరీరం కదలకుండా ఉండాలి. ఆ కాలు వెనక్కి ఊగినప్పుడు ఒక చిన్న గెంతు, నేల నుంచి రెండు మూడు వేళ్ల ఎత్తు మించకుండా. బాల్‌కి కాలు తగిలేసరికి పాదాలు దిగిపోవాలి. నలుగురిలో ఇద్దరు ఎత్తుగా గెంతుతున్నారు, షాట్ కొట్టే వేళకి గాల్లో ఉంటున్నారు. గాల్లో ఉన్నవాడు ఎటూ తోసుకోలేడు. కంటికి ఇది కనబడదు, కీపర్ ఆలస్యంగా కదిలాడనే అనిపిస్తుంది. షాట్ తగిలిన ఫ్రేమ్ దగ్గర వీడియో ఆపి పాదాల కింద నీడ చూస్తే తెలిసిపోతుంది. పాదానికీ నీడకీ మధ్య సందు ఉందంటే గెంతు ఎక్కువైందన్నమాట. సాయంత్రం ఎండలో నీడలు పొడుగ్గా పడతాయి కాబట్టి ఈ పరీక్ష చాలా తేలిక.

ఇక ఎక్కడ నిలబడాలి. దీన్ని మాటల్లో చెబితే పిల్లలకి ఎక్కదు, తాడుతో చూపించాలి. బట్టలారేసుకునే నైలాన్ తాడు 45 మీటర్లది ఒకటి కొన్నాం. ఒక కొస ఎడమ పోస్ట్‌కి, ఇంకో కొస కుడి పోస్ట్‌కి కట్టి, మధ్యలో పట్టుకుని బాల్ పెట్టిన చోటికి లాగితే త్రికోణం వస్తుంది. షాట్ గోల్‌లోకి పోవాలంటే ఆ రెండు తాళ్ల మధ్యనుంచే పోవాలి. కీపర్ ఆ రెంటికీ సరిసమానమైన దూరంలో ఉండాలి. గోల్ మధ్యలో గీత మీద నిలబడటం వేరు, ఈ తాళ్ల మధ్యలో నిలబడటం వేరు. బాల్ పక్కకి పోయినప్పుడు గోల్ మధ్యలో ఉండిపోయిన కీపర్‌కి ఒకవైపు తాడు మూరెడు దూరంలో, రెండోవైపు తాడు బారెడు పైన కనబడుతుంది. తాడు కట్టి ఆ తేడా చూపించాక ఆ తప్పు మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

తర్వాత ముందుకి ఎంత రావాలన్నది. బాల్ గోల్‌కి ఎదురుగా 16 మీటర్ల దూరంలో ఉందనుకోండి, అంటే పెనాల్టీ బాక్స్ అంచు దగ్గర. కీపర్ గీత మీదే ఉంటే అటు 3.66, ఇటు 3.66 మీటర్లు కాయాలి. 4 మీటర్లు ముందుకొస్తే తాళ్ల మధ్య వెడల్పు 7.32 నుంచి 5.49కి తగ్గుతుంది, ఒక్కోవైపు 2.75 చాలు. దాదాపు ఒక మీటర్ ఆదా. తాడు పక్కన చేయి చాపి నిలబడితే ఆ మీటర్ పిల్లాడికి కళ్లారా కనబడుతుంది. అందుకే ముందుకి రమ్మంటాం.

పుస్తకాల్లో బొమ్మలు ఇక్కడితో ఆగుతాయి. పిల్లల విషయంలో ఇంకో లెక్క ఉంది. మా నలుగురినీ గోడ దగ్గర నిలబెట్టి వేళ్లకి సుద్ద రాసి ఎగరమన్నాం. 145 సెంటీమీటర్ల పొడుగున్న పిల్లాడు నిలబడి చేయి చాపితే 185, ఒంటికాలితో ఎగిరితే 215 దాకా తాకాడు. క్రాస్‌బార్ 244. అంటే గీత మీద నిలబడ్డా బార్ కింద దాదాపు 30 సెంటీమీటర్ల పట్టీ వాడికి అందదు. నాలుగు మీటర్లు ముందుకొచ్చినవాడి నెత్తి మీదినుంచి బాల్ ఎత్తి వేస్తే, అది గోల్‌లో పడటానికి ఒకటిన్నర సెకను పైనే పడుతుంది. ఆ లోపు వెనక్కి నాలుగు మీటర్లు పరిగెత్తి, ఎగిరి, అందుకోవాలి. పన్నెండేళ్ల పిల్లాడికి అది కాని పని. అందుకే బాల్ దూరంగా ఉండి, కొట్టేవాడు తల ఎత్తి చూస్తుంటే రెండు మీటర్లకి మించి రావద్దన్నాం. కొట్టేవాడు తల దించి పెద్దగా బాల్‌ని తోసుకున్నప్పుడు, అంటే బాల్ వాడి కాలికి దూరమైనప్పుడు, అప్పుడు ముందుకి రావాలి. బాల్ కాలి దగ్గర ఉన్నప్పుడు ఆగాలి, దూరమైనప్పుడు కదలాలి. ఒక్క వారంలో ఇది పట్టుబడలేదు. ఎనిమిదో వారంలో కూడా ఒకడు బాల్ కాలి దగ్గరుండగానే దూకుతున్నాడు.

గుర్తు కోసం నేల మీద ముగ్గు పిండితో ఒక వంపు గీశాం. ఒక పోస్ట్ నుంచి మొదలై, మధ్యలో గీతకి రెండు మీటర్లు ముందుకి ఉబ్బి, రెండో పోస్ట్ దగ్గర కలిసే వంపు. బాల్ ఎటు కదిలితే కీపర్ దాని మీద అటు చిన్నచిన్న పక్క అడుగులతో జరుగుతాడు, కాలికి కాలు అడ్డం రాకుండా. బాల్ గోల్ గీతకి దగ్గరగా, బాక్స్ లోపలికి వచ్చేసిందంటే కీపర్ దగ్గరి పోస్ట్‌కి చేరాలి. చేయి చాపితే పోస్ట్ తగలాలి, కాని ఒళ్లు ఆనకూడదు. పోస్ట్‌కి ఆనుకున్నవాడి చేయి ఒకవైపే ఆడుతుంది. ముగ్గు గాలికి పోతుంది, ప్రతి సాయంత్రం మళ్లీ గీసుకోవాలి. మూడో వారం నుంచి గీసే పని పిల్లలకే అప్పజెప్పాం. గీసేవాడికి వంపు కాళ్లలోకి దిగుతుందని అప్పుడే గమనించాం.

నాలుగో వారంలో మళ్లీ ఎత్తు బాల్ దగ్గరికి వచ్చాం. ఈసారి బాల్ వచ్చే ముందు ఎలా నిలబడాలన్నది మొదటి పాఠం. పక్కనుంచి క్రాస్ రాబోతున్నప్పుడు కీపర్ పూర్తిగా బాల్ వైపు తిరిగితే బాక్స్‌లోకి ఎవరు పరిగెత్తుకొస్తున్నారో కనబడదు. పూర్తిగా గ్రౌండ్ వైపు తిరిగితే బాల్ సరిగ్గా కనబడదు. మధ్యస్తంగా, ఓరగా నిలబడాలి. కార్నర్ తన కుడివైపు నుంచి వస్తుంటే కుడికాలు గీత వైపు, ఎడమకాలు గ్రౌండ్ వైపు అర అడుగు ముందుకి. మెడ తిప్పకుండానే కార్నర్ జెండా ఒక కంటి చివర, పెనాల్టీ చుక్క ఇంకో కంటి చివర కనబడితే సరిపోయినట్టు. పిల్లాడి వెనక నిలబడి అటు ఒక వేలు, ఇటు ఒక వేలు చూపించి “రెండూ కనబడుతున్నాయా?” అని అడిగితే చాలు.

రెండోది ఆగడం. బాల్ కాలి నుంచి వచ్చి, అది గట్టిగా ఉందా మెత్తగా ఉందా, ఎత్తుందా పల్లంగా ఉందా, లోపలికి తిరుగుతోందా బయటికా అని తెలిసేదాకా కదలకూడదు. మహా అయితే అర సెకను. తర్వాత ఒకేసారి, పూర్తి వేగంతో వెళ్లాలి. పిల్లలు సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు. తొందరగా బయల్దేరి, దారిలో అనుమానం వచ్చి నెమ్మదిస్తారు. అలా సగం దారిలో ఆగినవాడికి బాల్ అందదు, గోల్ ఖాళీ.

మూడోది ఎగరడం. పరిగెడుతూ వచ్చి ఒంటికాలితో ఎగరాలి. రెండు కాళ్లూ కలిపి ఎగిరితే ఆగి ఎగరాల్సి వస్తుంది, పరుగు బలం వృథా. ఏ కాలు అంటే, ఎదుటివాళ్లు ఉన్న వైపు మోకాలు పైకి లేవాలి. బాల్ కుడినుంచి వస్తే కీపర్ బాల్ వైపు తిరిగి ఉంటాడు, ఆటగాళ్లు ఎడమవైపు ఉంటారు. కాబట్టి కుడికాలితో ఎగిరి ఎడమ మోకాలు నడుం దాకా లేపాలి. ఆ మోకాలు ఎత్తుకి ఊతమిస్తుంది, ఒంటికి కాపలా కూడా. కాని అది మడిచి తనకి దగ్గరగా ఉండాలి. పాదం ముందుకి చాపి ఎదుటివాడి ఒంట్లోకి గుచ్చితే ఫౌల్, దెబ్బలు కూడా తగులుతాయి. పరిగెత్తేటప్పుడు చేతులు మామూలుగా ఊగాలి. ఒకడు గీత దగ్గరే చేతులు పైకెత్తి అలాగే పరిగెత్తేవాడు, పెళ్లి ఊరేగింపులో లైట్లు మోస్తున్నట్టు. చేతులు ఎత్తి పరిగెడితే వేగం ఉండదు, ఎత్తూ రాదు. ఎగిరే క్షణంలోనే చేతులు లేవాలి.

ఇక పట్టు. బొటనవేళ్లు దగ్గరగా, రెండు మూడు సెంటీమీటర్ల సందుతో, మిగతా వేళ్లు విచ్చుకుని బాల్ వెనక సగాన్ని కప్పాలి. అరచేతుల సందులోంచి బాల్ కనబడాలి. పట్టే చోటు నుదుటికి ముందు, పైన, మోచేతులు కొద్దిగా వంచి. తల మీద నిటారుగా పట్టబోతే చివరి క్షణంలో కన్ను బాల్‌ని వదిలేస్తుంది. తల వెనక పట్టబోతే వేళ్లకి తగిలి గోల్‌లోకే జారుతుంది. పట్టు మంచిదో కాదో చెవికి తెలుస్తుంది. వేళ్లు ముందు తగిలి బాల్ ఒదిగితే చప్పుడు తక్కువ. అరచేతులు చరిస్తే ‘ఠప్’మని మోగుతుంది, అలాంటివి తడి రోజున జారిపోతాయి. వెంటనే ఛాతీకి హత్తుకుని దిగాలి. బాల్ పట్టాక పిల్లలకి దాని మీద పడుకుండిపోవడం అలవాటు. 2025-26 నిబంధనల ప్రకారం కీపర్ చేతుల్లో బాల్ 8 సెకన్లు మించితే ఎదుటి జట్టుకి కార్నర్ ఇస్తారు. ఎత్తు బాల్ పట్టి మళ్లీ కార్నర్ తెచ్చుకోవడం కన్నా విడ్డూరం ఉండదు.

సాధన మెట్లు మెట్లుగా సాగింది. ముందు తానే బాల్‌ని అయిదారు మీటర్లు పైకి విసురుకుని ఎగరకుండా పట్టడం, తర్వాత ఒక అడుగు వేసి మోకాలు లేపి పట్టడం. మేం పక్కనుంచి చేత్తో విసరడం ఆ తర్వాత. ఆ పైన పక్కన ఒక పిల్లాణ్ని ఊరికే నిలబెట్టడం, తర్వాత వాడు భుజంతో మెల్లగా ఆనడం. కాలితో కొట్టిన క్రాస్ అయిదో వారంలో గాని రాలేదు. కాలితో కొట్టే క్రాస్ పదిలో నాలుగైనా సరైన చోట పడవు, కీపర్ ఖాళీగా నిలబడతాడు. చేత్తో విసిరితే పదికి పది పడతాయి. ఒక్కొక్కరికి పదేసి చొప్పున రెండు సార్లు, అంతే. ఆ పైన పిక్కలు అలిసిపోయి ఎత్తు తగ్గుతుంది, తగ్గిన ఎత్తుకి సరిపోయే తప్పుడు అలవాటు మొదలవుతుంది. బాల్ 4వ నంబరుది, అది కూడా రాయిలా గాలి కొట్టింది కాదు. పన్నెండు దాటినవాళ్లకి చివరి రెండు వారాల్లో 5వ నంబరు ఇచ్చాం.

పట్టలేని బాల్‌ని గుద్దాలి. చుట్టూ ముగ్గురు నలుగురు ఉంటే, బాల్ తడిగా ఉంటే పట్టబోవద్దు. పిడికిట్లో బొటనవేలు బయట, మిగతా వేళ్ల మీద అడ్డంగా ఉండాలి. లోపల మడిస్తే వేలు విరిగే ప్రమాదం. రెండు పిడికిళ్లూ కలిపి, బాల్ కింది సగానికి తగిలేలా, వచ్చిన వైపుకే ఎత్తుగా పంపాలి. ఎత్తుగా ఎందుకంటే గోల్ దగ్గర జట్టు సర్దుకోవడానికి రెండు సెకన్లు దొరుకుతాయి. బార్ మీదికి పోతున్న బాల్‌ని మాత్రం అరచేత్తో ఎత్తేయాలి. వెనక్కి వెనక్కి నడవకూడదు, మడమ తట్టుకుని పడిపోతారు. కుడికాలు వెనక్కి వేసి కుడివైపు తిరిగి, ఎడమకాలు దాటేసి, ఎడమచేత్తో పైకి తోయాలి. అటు తిరిగినప్పుడు ఎడమచేయే ఎక్కువ ఎత్తు అందుతుంది. నమ్మకపోతే గోడ దగ్గర రెండు చేతులతోనూ చేసి చూసుకోవచ్చు.

కేక గురించి ఒక మాట. ఇక్కడి పిల్లలు తెలుగులో “నాది”, హిందీలో “మేరా”, ఏది నోటికొస్తే అది అరుస్తారు. డిఫెండర్లూ అదే అరుస్తారు. ఎవరిదో తెలియక ఇద్దరూ ఆగిపోతారు, లేకపోతే ఇద్దరూ ఎగురుతారు. మేం ఒకే మాట పెట్టాం, “కీపర్!” అని. అది ఇంకెవరూ అనరు. వెళ్లకపోతే “కొట్టెయ్!”. నిర్ణయించుకున్నాకే, ఒక్కసారే, గట్టిగా. కేకేసి వెళ్లకపోవడం అసలు కేకే వేయకపోవడం కన్నా ప్రమాదం, డిఫెండర్ అప్పటికే ఆగిపోయి ఉంటాడు.

ఆరో వారం ప్రాక్టీస్ మ్యాచ్‌లో వచ్చిన ఒక గోల్‌ని పూర్తిగా విప్పి చూద్దాం. ఇంతదాకా చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. కార్నర్ కీపర్ కుడివైపు నుంచి, కొట్టేవాడు కుడికాలి వాడు. కుడికాలితో అటువైపు నుంచి కొడితే బాల్ గోల్ వైపుకి తిరుగుతుంది. కాబట్టి కీపర్ గీతకి దగ్గరగా, ముప్పావు మీటర్ లోపు ఉండాలి. బయటికి తిరిగే కార్నర్ అయితే ఇంకో మీటర్ ముందుకి రావచ్చు. వీడు రెండు మీటర్లు ముందున్నాడు, దగ్గరి పోస్ట్ వైపుకి ఒరిగి. ఆ వయసులో కార్నర్లు చాలావరకు దగ్గరి పోస్ట్ దాటవు, వాడి లెక్క అది. తప్పు లెక్క కాదు, కాని అందాజా మీద కదలకూడదు.

వీడియోలో బాల్ కాలికి తగిలిన ఫ్రేమ్‌లో వాడి కుడిపాదం అప్పటికే దగ్గరి పోస్ట్ వైపు లేచి ఉంది. ఒక అడుగు నష్టం. బాల్ ఊహించినదాని కన్నా గట్టిగా వచ్చింది, దగ్గరి పోస్ట్ దాటి మధ్యకి వచ్చింది. తర్వాతి ఫ్రేముల్లో వాడు వెనక్కి నడుస్తున్నాడు, తిరగలేదు, ముఖం ఇంకా గ్రౌండ్ వైపే. చేతులు పైకి లేచాయి, కాని కాళ్లు ఇంకా వెనక్కే పోతున్నాయి. రెండు కాళ్లతో ఉన్నచోటే చిన్నగా గెంతాడు. బాల్ తల వెనక వేళ్లకి తగిలి వెనక పోస్ట్ దగ్గర పడింది, అక్కడున్నవాడు తోసేశాడు. బయటినుంచి చూసిన ఒక నాన్నగారు “చేతుల్లోంచి జారింది” అన్నారు. నిజానికి ఆ గోల్ బాల్ గాల్లోకి లేచిన క్షణంలోనే పడింది.

మరుసటి ప్రాక్టీస్‌లో అదే కార్నర్‌ని ఇరవైసార్లు పెట్టించాం, చేత్తో విసిరి, కార్నర్ జెండా దగ్గర్నుంచి కాదు, 15 మీటర్ల నుంచి. వాడి నిలబడే చోటు మార్చాం. గోల్ సగానికి కాస్త వెనక పోస్ట్ వైపుకి, గీతకి ముప్పావు మీటర్. ముందుకి పరిగెత్తడం వెనక్కి పరిగెత్తడం కన్నా ఎప్పుడూ తేలిక, అందుకే వెనక వైపుకి జరిపాం. దగ్గరి పోస్ట్ దగ్గర ఒక డిఫెండర్‌ని నిలబెట్టాం, పొట్టిగా వచ్చే బాల్ వాడి పని. ఇక ఆగే అలవాటు కోసం ఒక చిన్న ఆట. విసిరేవాడు మూడింటిలో ఒకసారి చేయి ఊపుతాడు కాని బాల్ వదలడు. అప్పుడు కీపర్ పాదం కదిలితే లెక్క మళ్లీ సున్నా నుంచి. మొదటి రోజు వాడు నాలుగు దాటలేదు. మూడో రోజుకి పదకొండు దాకా వచ్చాడు.

మట్టి గ్రౌండ్‌లో పిల్లలు డైవ్ చేయడానికి భయపడతారు, అది సహజం. కీపర్లు ట్రాక్ ప్యాంట్ వేసుకోవచ్చు, టోపీ కూడా పెట్టుకోవచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. మా గ్రౌండ్‌లో ఒక గోల్ పడమటి ఎండకి ఎదురుగా ఉంటుంది, అయిదున్నరకి టోపీ లేకుండా ఎత్తు బాల్ కనబడదు. గ్లవ్స్ అరచేతిని ఆటకి ముందు నీళ్లతో కొద్దిగా తడపాలి, పొడి మట్టి అంటితే పట్టు పోతుంది. ఇంకొకటి, కదిలే గోల్ పోస్టులు వాడితే వెనక ఇసుక బస్తాలు వేయాలి. బార్ పట్టుకుని ఊగనివ్వొద్దు. గోల్ ముందుకి పడితే కింద ఉండేది కీపరే.

ఈ ఊళ్లో ఎత్తు బాల్ అంటే పీటర్ తంగరాజ్ పేరు రాకుండా ఉండదు. హైదరాబాద్‌లోనే పుట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించినప్పుడు గోల్‌లో ఉన్నది అతనే, జట్టు కోచ్ మన సయ్యద్ అబ్దుల్ రహీం. పాతవాళ్లు తంగరాజ్ పొడుగు గురించే చెబుతారు. పొడుగు నేర్పేది కాదు కాబట్టి పిల్లలకి ఆ ముక్క చెప్పి లాభం లేదు. మొదట్లో ఫార్వర్డ్‌గా ఆడి తర్వాత గోల్‌లోకి వెళ్లాడన్న సంగతి చెప్పొచ్చు. క్రాస్ కొట్టేవాడి కాలు చదవడం ఫార్వర్డ్‌గా ఆడినవాడికి తేలిగ్గా వస్తుంది. అందుకే మేం వారంలో ఒక పావుగంట కీపర్ల చేతనే కార్నర్లు కొట్టించాం. తాను కొట్టాక, కాలు బాల్ కింద తగిలితే ఎత్తుకి లేస్తుందని, పక్కన తగిలితే తిరుగుతుందని వాళ్లకి విడిగా చెప్పాల్సి రాలేదు.

ఎనిమిది వారాలయ్యాక ముగ్గురు పక్కనుంచి వచ్చే మామూలు క్రాస్‌ని, చుట్టూ ఒకరిద్దరు ఉన్నా పడుతున్నారు. గోల్ వైపుకి తిరిగే కార్నర్ మీద మాత్రం ఇంకా నమ్మకం లేదు. నలుగురిలో పొట్టివాడికి, సుద్ద గుర్తు 205 దగ్గరే ఆగినవాడికి, అలాంటి కార్నర్లు అసలు పట్టొద్దనే చెప్పాం. గీత మీదే ఉండి, రెండు పోస్టుల దగ్గరా డిఫెండర్లని పెట్టుకుని, తల ఎత్తులో వచ్చింది గుద్దడం, పైనుంచి పోయేది వదిలేయడం. “వదిలేస్తే గోల్ అవుతుంది కదా సార్?” అన్నాడు. అవుతుంది, కొన్నిసార్లు. వచ్చే జూన్‌లో మళ్లీ గోడ దగ్గర సుద్ద గుర్తు వేయించి, అప్పుడు ఆ మాట మార్చాలో లేదో చూస్తాం.